పిల్లికి ఇన్సూరెన్సా, విడిగా పొదుపా? అపోహలు - వాస్తవాలు

నేను అమెరికాలో వెటర్నరీ డాక్టర్‌ని. పిల్లికి వ్యాక్సిన్ వేయించడానికి వచ్చే తెలుగు కుటుంబాలు తరచూ అడిగే మాట ఇది: "డాక్టరు గారూ, దీనికి ఇన్సూరెన్స్ తీసుకోమంటారా, లేక ఆ డబ్బేదో నెలనెలా పక్కన పెట్టుకుంటే సరిపోతుందా?" జవాబు ఇంటింటికీ మారుతుంది. తప్పు నిర్ణయాలకు దారితీసే నమ్మకాలు మాత్రం అందరి దగ్గరా దాదాపు ఒకేలా ఉంటాయి.

అపోహ: గడప దాటని పిల్లికి పెద్ద ఖర్చు ఏమొస్తుంది?

కారు కింద పడటం, వేరే పిల్లులతో కొట్లాట వంటివి తగ్గుతాయి, నిజమే. కానీ ఇంట్లోనే ఉండి, పెద్దగా కదలకుండా ఒళ్లు చేసిన మగపిల్లుల్లోనే మేం ఎక్కువగా చూసే ఎమర్జెన్సీ ఒకటుంది. అది మూత్రం పూర్తిగా ఆగిపోవడం. మగపిల్లి మూత్రనాళం చాలా సన్నం. సన్నటి ఇసుకలాంటి స్ఫటికాలు, జిగురు కలిసి అందులో బిరడాలా అడ్డుపడతాయి. పిల్లి మాటిమాటికీ లిట్టర్ బాక్స్‌లోకి వెళ్తుంది, ముక్కుతుంది, అరుస్తుంది, మూత్రం వచ్చే చోట నాక్కుంటుంది. చాలామంది మలబద్ధకం అనుకుని రాత్రంతా ఆగుతారు. లిట్టర్‌లో తడి ఉండలు కనిపిస్తున్నాయా లేదా అని చూడండి. లేకపోతే తెల్లారేదాకా ఆగకుండా వెంటనే బయల్దేరాలి. రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది, ఒకటి రెండు రోజుల్లో ప్రాణమే పోవచ్చు.

చికిత్స అంటే మత్తిచ్చి కాథెటర్ వేయడం, సెలైన్ పెట్టడం, రెండు మూడు రోజులు ఆస్పత్రిలో ఉంచడం. బిల్లు చాలా చోట్ల 2,000 నుంచి 4,000 డాలర్ల దాకా అవుతుంది. కొన్ని పిల్లుల్లో ఇది మళ్లీ మళ్లీ వస్తుంది కూడా.

అపోహ: కట్టినంత తిరిగి రాకపోతే ఇన్సూరెన్స్ దండగ.

ఇదే జబ్బుతో లెక్క వేసి చూద్దాం. ఈ అంకెలు ఉదాహరణకే, మీ కొటేషన్ వేరుగా ఉంటుంది. పిల్లి వయసు 3 ఏళ్లు, ప్రీమియం నెలకు 30 డాలర్లు. ఏడాదికి 500 డిడక్టిబుల్, అంటే ముందు అంతవరకు మనమే భరించాలి. ఆపైన కంపెనీ 80 శాతం ఇస్తుంది. 8వ నెలలో మూత్రం ఆగి 3,200 బిల్లు వచ్చింది. 500 తీసేస్తే 2,700, అందులో 80 శాతం 2,160 మీకు తిరిగొస్తుంది. మీ చేతి నుంచి పోయేది 1,040. కొన్ని కంపెనీలు ముందు మొత్తం బిల్లుపై 80 శాతం లెక్కగట్టి, ఆ తర్వాత డిడక్టిబుల్ తీసేస్తాయి. అలాగైతే వచ్చేది 2,060. ఏ వరుసలో లెక్కిస్తారో పాలసీ కొనే ముందే అడగండి.

ఇప్పుడు అయిదేళ్లు చూద్దాం. వయసు పెరిగేకొద్దీ ప్రీమియం పెరుగుతుంది. నెలకు 30, 33, 36, 40, 44 అనుకుంటే అయిదేళ్లకు 2,196 కట్టినట్టు. ఒక్కసారి మాత్రమే బిల్లు వస్తే మీ మొత్తం ఖర్చు 3,236. ఇన్సూరెన్స్ లేకుండా అయితే 3,200. అంటే దాదాపు సమానం. ఏ జబ్బూ రాకపోతే ఆ 2,196 పోయినట్టే. మరో ఏడాదిలో ఇంకోసారి మూత్రం ఆగితే ఇన్సూరెన్స్‌తో 4,276, లేకుండా 6,400.

అందుకే లాభమా నష్టమా అని అడిగితే తేలదు. అసలు తేడా కాలంలో ఉంది. నెలకు 30 చొప్పున దాచిన ఇంట్లో 8వ నెలకు ఉండేది 240 డాలర్లే. మిగతా 2,960 ఎక్కణ్నుంచి వస్తుంది? పొదుపు సక్రమంగానే సాగుతున్నా, జబ్బు దానికంటే ముందొచ్చింది. అలాంటప్పుడు కొందరు వైద్య ఖర్చుల క్రెడిట్ కార్డు తీసుకుంటారు. గడువులోగా మొత్తం తీర్చకపోతే మొదటి రోజు నుంచీ వడ్డీ పడే ఆఫర్లు వాటిలో ఉంటాయి. డబ్బు లేక పిల్లిని శాశ్వతంగా నిద్రపుచ్చమని అడిగే కుటుంబాలూ ఉంటాయి. నయమయ్యే జబ్బుకు ఆ మాట వినడం నాకు చాలా కష్టంగా ఉంటుంది.

అపోహ: ఏదైనా తేడా కనిపించాక పాలసీ తీసుకోవచ్చు.

ముందునుంచీ ఉన్న జబ్బుకు కంపెనీలు సాధారణంగా డబ్బివ్వవు. జబ్బు పేరు తేలాల్సిన పని కూడా లేదు, లక్షణం రికార్డులో ఉంటే చాలు. మామూలు చెకప్‌లో మీరు "ఈమధ్య లిట్టర్ బాక్స్‌కి ఎక్కువసార్లు పోతోందండీ" అంటే నేను ఆ వాక్యం రాసి తీరాలి. ఆ తర్వాత పాలసీ కొని, ఆరు నెలలకు మూత్రం ఆగితే, కంపెనీ పాత రికార్డులు తెప్పించుకుని ఆ వాక్యాన్నే చూపిస్తుంది. కొన్ని పాలసీల్లో నయమై, చాలా నెలలు లక్షణాలు లేకుండా గడిస్తే మళ్లీ కవర్ చేస్తారు. ఎన్ని నెలలు అన్నది పాలసీ కాగితంలో వెతకండి. అలాగని నాతో లక్షణాలు దాచకండి, పిల్లికే ప్రమాదం.

పాలసీ మొదలైనా జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, చాలా వాటిలో 14 రోజులు. అందుకే ఇన్సూరెన్స్ తీసుకునేవాళ్లు పిల్లి ఇంటికొచ్చిన మొదటి వారాల్లోనే తీసుకోవాలి.

అపోహ: ఇన్సూరెన్స్ ఉంటే చేతి డబ్బు అక్కర్లేదు.

చాలా చోట్ల బిల్లు ముందు మీరే కట్టాలి, తర్వాత క్లెయిమ్ వేసుకోవాలి. మొదటి క్లెయిమ్‌కు కంపెనీ పాత రికార్డులన్నీ అడిగి ఇంకా ఆలస్యం చేస్తుంది. వ్యాక్సిన్లు, స్టెరిలైజేషన్, పళ్లు శుభ్రం చేయించడం మామూలు పాలసీలో ఉండవు. కాబట్టి పాలసీ ఉన్న ఇంట్లో కూడా డిడక్టిబుల్, మీ వాటా, రోజువారీ వైద్యం కలిపి కనీసం 1,500 డాలర్లు విడిగా ఉండాలి. బిల్లు మొత్తం ముందు కట్టడానికి ఖాళీగా ఉన్న క్రెడిట్ కార్డు కూడా ఉంటే టెన్షన్ తగ్గుతుంది.

ఇక మీ ఇంటికి ఏది సరిపోతుంది? రేపు పొద్దున 4,000 డాలర్ల బిల్లు వస్తే అద్దె, ఇంటి లోన్, ఇండియాకు పంపే డబ్బు ఏదీ ఆగకుండా కట్టగలరా? కట్టగలిగితే పొదుపు మీకు బాగానే నప్పుతుంది. ఆ డబ్బును వేరే సేవింగ్స్ ఖాతాలో ఉంచండి, టికెట్లకో షాపింగ్‌కో తీయకండి. కట్టలేమంటే, ముఖ్యంగా చిన్న వయసు మగపిల్లి ఒక్కటే ఉంటే, ఇన్సూరెన్స్ తీసుకోమనే చెబుతాను. కొత్తగా వచ్చి ఇంకా పొదుపు పోగవ్వని కుటుంబాలకు మరీనూ.

మూడు నాలుగు పిల్లులున్న ఇంట్లో నేను పొదుపు వైపే మొగ్గుతాను. మూడింటికి నెలకు 90 కట్టే బదులు అదే డబ్బు ఒకే ఖాతాలో వేస్తే ఏ పిల్లికి అవసరమైతే దానికి వాడుకోవచ్చు, మూడింటికీ ఒకేసారి పెద్ద జబ్బు రావడం అరుదు. కాకపోతే ఆ ఖాతా 3,000తోనైనా మొదలవ్వాలి. పదేళ్లు దాటి, కిడ్నీ సమస్య రికార్డుకెక్కిన పిల్లికి కొత్త పాలసీ కొనడంలో పెద్దగా అర్థం లేదు. దానికయ్యే ఖర్చు చాలావరకు ప్రత్యేక ఆహారం, రక్త పరీక్షలు, చర్మం కింద ఎక్కించే సెలైన్. నెలనెలా వచ్చే ఆ ఖర్చుకు పొదుపే సరైన దారి.

పాలసీ ఉన్నవాళ్లకు ఒక మాట. ప్రీమియం పెరిగిందని రద్దు చేసే ముందు, పాలసీలో ఉండగా పిల్లికి ఏయే జబ్బులు బయటపడ్డాయో మీ డాక్టర్ దగ్గర రికార్డు తీసుకుని చూడండి. ఇప్పుడు కవర్ అవుతున్న ఆ జబ్బులన్నీ కొత్త కంపెనీకి "ముందునుంచీ ఉన్నవే" అవుతాయి. జాబితాలో షుగరో, మూత్ర సమస్యో ఉంటే రద్దు చేయకండి. డిడక్టిబుల్ పెంచి ప్రీమియం తగ్గించమని అదే కంపెనీని అడగండి.