చెరువు–కెరె, చెరగు–సెరగు: ధ్వని సూత్రాల గురించి అపోహలు - వాస్తవాలు

నేను భాషాశాస్త్రం పాఠాలు చెబుతానని తెలిస్తే చాలు, పెళ్లి భోజనాల దగ్గర కూడా ఎవరో ఒకరు పట్టుకుంటారు. "గ్రీకువాళ్లు నీళ్లని నెరో అంటారటండీ, మన నీరే కదా!" అని.

అపోహ: మాటలు ఒకేలా వినిపిస్తే ఆ భాషలు చుట్టాలు

కాదు. ప్రాచీన గ్రీకులో నీటికి వాడే మాట వేరు. 'తాజా నీరు' అనే పదబంధంలో నీరు అన్న ముక్క రాలిపోయి, 'తాజా' అన్న మాట అరిగి నెరో అయింది. మన నీరుతో దానికి ఏ సంబంధమూ లేదు.

మేం పోలికల కన్నా తేడాల్నే ఎక్కువగా చూస్తాం. ఆ తేడా ఒకే చోట, ఒకే తీరుగా మళ్లీ మళ్లీ రావాలి. తెలుగులో పాలు, పులి, పాము, పది. కన్నడంలో హాలు, హులి, హావు, హత్తు. మాట మొదట మనకు 'ప' ఉన్నచోట వాళ్లకు 'హ'. పాత కన్నడంలో అక్కడ 'ప'యే ఉండేది. సుమారు 5వ శతాబ్దపు హల్మిడి శాసనంలో ఆ ఊరి పేరే పకారంతో కనిపిస్తుంది. పుస్తక, పత్ర లాంటివి ఈ మార్పులో కలవలేదంటే, అవి సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటలు కాబట్టి.

అపోహ: మన 'చ'ని కన్నడిగులు 'క' చేసుకున్నారు

క్లాసులో ఎక్కువసేపు వాదన నడిచేది దీని మీదే. చెవి–కివి, చెరువు–కెరె, చెడు–కెడు, చిరునవ్వు–కిరునగె. వరస బాగానే ఉంది. కానీ మారింది ఎవరు?

మొదట అందరికీ 'చ'యే ఉండేదనీ, కన్నడం దాన్ని 'క' చేసిందనీ అనుకుందాం. అలాగైతే చీర చెరగుని కన్నడంలో ఏమంటున్నారో చూడండి: సెరగు. 'కెరగు' అనడం లేదు! చెరువు, చెరగు మనకు ఒకేలా మొదలవుతాయి. 'చ' తర్వాత 'ఎ', ఆ తర్వాత రేఫ. ఒకే ధ్వని, ఒకే ఇరుగుపొరుగు. అయినా కన్నడంలో ఒకటి 'క' అయి, ఇంకోటి 'స' అయిందంటే, ఎందుకలా విడిపోయిందో చెప్పే కారణం దొరకదు.

తిరగేసి చూస్తే చిక్కు విడిపోతుంది. మూలంలో రెండు వేర్వేరు ధ్వనులు ఉండేవి. ఒకటి 'క': దాన్ని కన్నడం అలాగే ఉంచుకుంది, తెలుగు ఇ, ఎల ముందు 'చ'గా మార్చింది. రెండోది 'చ': దాన్ని తెలుగు ఉంచుకుంది, కన్నడం 'స' చేసింది. మన దగ్గర రెండూ కలిసిపోయాయి, వాళ్ల దగ్గర విడిగా మిగిలాయి. ఇంకో సాక్ష్యం మన ఆదిలాబాద్‌లోనే ఉంది. చెవిని గోండీలో కెవి అంటారు, కొలామీలో కెవ్ అంటారు. పైగా నాలుక ముందుకు జరిగే ఇ, ఎల ముందు 'క' కాస్తా 'చ' కావడం ప్రపంచంలో ఎన్నో భాషల్లో జరిగింది. అదే చోట 'చ' వెనక్కి వెళ్లి 'క' కావడం దాదాపు కనిపించదు.

అలాగని కన్నడమే తల్లి అని కూడా అనకండి, 'ప'ని పోగొట్టుకున్నది అదేగా. వీటిలో ఎవరూ ఎవరికీ తల్లి కాదు, తోబుట్టువులు.

అపోహ: ఒక్క మినహాయింపు దొరికితే సూత్రం కూలినట్టే

తమిళం కూడా మనలాగే 'క'ని 'చ' చేసింది. చెవి అక్కడా చెవే. మరి చెడుకి తమిళంలో కెడు, చిలుకకి కిళి ఎందుకు? అక్కడ మారాల్సిన 'క' మారలేదేం? ఇలాంటి మాటల్ని మేం పక్కన పడేయం, అన్నిటినీ ఒకచోట పోగేసి తర్వాతి హల్లు చూస్తాం. కెడులో డ, కిళిలో ళ: నాలుక మడిచి పలికేవి. అలాంటి హల్లు వెంటనే వస్తే తమిళంలో 'క' కదలలేదు. తెలుగుకు ఆ అడ్డు లేదు కాబట్టి మన దగ్గర అవీ మారాయి.

ఇక్కడ చురుకైన విద్యార్థి ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు: "మరి కింద? అది 'చింద' కావాలి కదా సార్?" మంచి ప్రశ్నే. తమిళంలో 'కీఴ్', కన్నడంలో 'కెళగె' దీనికి చుట్టాలు. పెద్దవాళ్లు ఇప్పటికీ 'క్రింద' అని రాస్తారు, గుట్టంతా ఆ క్రావడిలో ఉంది. మూలపదంలో ఇకారం తర్వాత ఉండాల్సిన హల్లు తెలుగులో ముందుకు దూకి, రేఫగా 'క' పక్కన చేరింది. 'క'కీ 'ఇ'కీ మధ్య అది అడ్డుగా ఉండడంతో 'చ' మార్పు ఈ మాటను తాకలేదు. ఆ మార్పు ఆగిపోయిన చాలాకాలానికి రేఫ జారిపోయి 'కింద' మిగిలింది. రేఫ ముందే జారిపోయి ఉంటే ఇవాళ మనం 'చింద కూర్చో' అనేవాళ్లమేమో.