రెటినాల్ మొదలుపెడుతున్నారా? వారానికి రెండు రాత్రులు చాలు

రెటినాల్ సీరమ్ కొన్న ఉత్సాహంలో చాలామంది రోజూ రాసేస్తారు. పది రోజులు తిరిగేసరికి ముక్కు పక్కన పొట్టు లేస్తుంది, గడ్డం దగ్గర మంట. మన చామనఛాయ చర్మంలో కథ అక్కడితో ఆగదు. మంట పుట్టిన చోట చర్మం మెలనిన్‌ను ఎక్కువగా తయారుచేసి నల్ల మచ్చ మిగులుస్తుంది. మచ్చలు పోవాలని రాసిన మందే కొత్త మచ్చ పెడుతుందన్నమాట. అందుకే నా దృష్టిలో ఎంత శాతం కొన్నామన్నదాని కంటే ఎంత నెమ్మదిగా మొదలుపెట్టామన్నదే ముఖ్యం.

రెటినాల్ అంటే విటమిన్ ఎ. అది నేరుగా పనిచేయదు. చర్మ కణాల్లోని ఎంజైములు దాన్ని ముందు రెటినాల్డిహైడ్‌గా, తర్వాత రెటినాయిక్ ఆమ్లంగా మారుస్తాయి. ఈ ఆమ్లమే కణ కేంద్రకంలోని గ్రాహకాలను పట్టుకుని, కొత్త కణాలు త్వరగా పైకి వచ్చేలా, కొల్లాజెన్ పెరిగేలా చేస్తుంది. డాక్టర్లు రాసే ట్రెటినాయిన్ అంటే ఈ ఆమ్లమే. రెటినాల్ రెండు మెట్లెక్కి అక్కడికి చేరాలి కాబట్టి దానికంటే మెతక. అయినా మొదటి వారాల్లో పైపొర పలచబడి, నీరు ఎక్కువగా ఆవిరైపోతుంది. పొడిబారడం, మంట అందుకే.

0.1 నుంచి 0.3 శాతం లోపుది కొనండి. ముఖానికి రాసే ఉత్పత్తుల్లో యూరోపియన్ యూనియన్ పెట్టిన పరిమితి కూడా 0.3 శాతమే.

ఒక ఉదాహరణ చూద్దాం. జిడ్డు చర్మం, మొటిమల మచ్చలు ఉన్న ఒకామె పొద్దున విటమిన్ సి, వారంలో రెండు రాత్రులు గ్లైకోలిక్ ఆమ్లం వాడుతోంది. గ్లైకోలిక్ కూడా చర్మం పైపొరను ఒలిచేదే కాబట్టి మొదటి నెల దాన్ని పూర్తిగా ఆపేయాలి. ఆది, బుధవారాల్లో రాత్రి ముఖం కడిగి, తడి పూర్తిగా ఆరాక మాయిశ్చరైజర్ పలచగా రాసి, దాని మీద బఠాణీ గింజంత రెటినాల్ రాయాలి. కళ్ల చుట్టూ, పెదవుల మూలల్లో, ముక్కు మడతల్లో వద్దు. మిగతా రాత్రులు సెరమైడ్లున్న క్రీమో, నియాసినమైడో చాలు. విటమిన్ సి పొద్దున కొనసాగించవచ్చు, దానిపైన ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ తప్పనిసరి. నెల తర్వాత చర్మం ప్రశాంతంగా ఉంటే రాత్రి విడిచి రాత్రి రాయవచ్చు. గ్లైకోలిక్ మళ్లీ కావాలంటే రెటినాల్ లేని రాత్రి, వారానికి ఒక్కసారే.

కాస్త పొట్టు లేవడం, చర్మం బిగుసుకున్నట్టుండటం మామూలే, కొద్ది వారాల్లో తగ్గుతాయి. రోజూ రాసే మాయిశ్చరైజర్‌కే చురుక్కుమంటే, ఎరుపు తెల్లారినా తగ్గకపోతే రెటినాల్ ఆపేయాలి. చర్మం పూర్తిగా కుదుటపడ్డాకే మళ్లీ వారానికి ఒక్క రాత్రితో మొదలుపెట్టాలి. వాపు, నీటి పొక్కులు వస్తే చర్మ డాక్టర్‌ను కలవాలి. పైపెదవికి, ముఖానికి వ్యాక్సింగ్ చేయించుకునేవాళ్లు కనీసం వారం ముందే ఆపాలి, లేకపోతే చర్మం కూడా ఊడి వస్తుంది.

గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు రెటినాల్ జోలికి వెళ్లొద్దు. మిగతావాళ్లు మూడు నెలల దాకా శాతం పెంచకండి, మచ్చల్లో తేడా కనిపించడానికి చర్మానికి ఆపాటి సమయం పడుతుంది.