మొత్తం లెక్క సరిపోయినా బ్యాచ్ తప్పిపోయింది

2025 అక్టోబరు మొదట్లో కోల్డ్‌రిఫ్ అనే దగ్గుమందులో డైఇథిలీన్ గ్లైకాల్ 48.6 శాతం ఉందని తమిళనాడు ప్రభుత్వ ల్యాబు తేల్చింది. ఉండదగిన పరిమితి 0.1 శాతం. కిడ్నీలను చంపే రసాయనం అది. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో ఈ మందు తాగిన చిన్నపిల్లలు ప్రాణాలు కోల్పోయారు. రాష్ట్రాల ఔషధ నియంత్రణ అధికారులు ఇచ్చిన హెచ్చరికల్లో ప్రత్యేకంగా కనిపించిన గుర్తు ఎస్ఆర్-13. అది ఆ సీసాల బ్యాచ్ నంబరు. వాటి గడువు 2027 ఏప్రిల్. అంటే ఎక్స్‌పైరీ చూసుకుని కొన్న తల్లిదండ్రులకు ఆ తేదీ ఏ హెచ్చరికా ఇవ్వలేదు. మందు ఎన్నాళ్లు నిలవుంటుందో తేదీ చెబుతుంది. ఏ కలయికలో, ఏ ముడిసరుకుతో తయారైందో తెలుసుకునే దారి బ్యాచ్ నంబరే.

ఒకే విడతలో కలిపి, ఒకే పరీక్షకు పంపిన సరుకంతా ఒక బ్యాచ్. అందులో ఒక సీసా పాడైతే మిగతావన్నీ అనుమానించాల్సినవే. కంపెనీ నుంచి స్టాకిస్టుకు, అక్కడినుంచి షాపుకు వెళ్లిన ప్రతి బిల్లులోనూ బ్యాచ్ నంబరు ఉంటుంది కాబట్టి స్టాకిస్టు దాకా వెతకడం తేలికే. గొలుసు తెగేది చివరి షాపులో. అది ఎలా తెగుతుందో ఒడిశాలోని పర్లాకిమిడిలో ఓ మందుల షాపును ఊహించుకుని చూద్దాం.

అక్కడ ఒకే పిల్లల సిరప్‌లో రెండు బ్యాచ్‌లున్నాయి. 2026 డిసెంబరుతో గడువు ముగిసేవి 12 సీసాలు, 2027 ఏప్రిల్‌తో ముగిసేవి 24. మొదటిదాన్ని ‘పాతది’ అందాం, రెండోదాన్ని ‘కొత్తది’ అందాం. గడువు ముందు తీరేది ముందు అమ్మాలి కాబట్టి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తనంతట తానే పాత బ్యాచ్‌ని ఎంచుకుంటుంది. అయితే కొత్త డబ్బా వచ్చిన రోజు కుర్రాడు దాన్ని అరలో ముందు పెట్టాడు. సాయంత్రం రద్దీలో చేతికి అందింది ఇస్తారు. పది సీసాలు అమ్ముడయ్యాయి. బిల్లుల్లో పదీ పాతవే. నిజానికి వెళ్లినవి పాతవి నాలుగు, కొత్తవి ఆరు.

ఇప్పుడు కంప్యూటర్లో పాతవి 2, కొత్తవి 24. అరలో పాతవి 8, కొత్తవి 18. రెండు చోట్లా మొత్తం 26. అందుకే నెలాఖరు లెక్కలో ఎవరికీ అనుమానం రాదు. కొత్త బ్యాచ్‌ను వెనక్కి తీసుకోవాలని కబురొస్తే, కంప్యూటర్ ఒక్కటీ అమ్మలేదంటుంది. 24 సీసాలు తిరిగి పంపుదామని చూస్తే 18 దొరుకుతాయి. మిగతా ఆరు ఎవరి ఇళ్లలో ఉన్నాయో ఏ బిల్లూ చెప్పదు. పది మందినీ వెతకాల్సిందే. వాళ్లలో కొందరు సరిహద్దు దాటి ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నం నుంచి వచ్చినవాళ్లయి ఉంటారు, బిల్లు మీద ఫోన్ నంబరు ఉండదు. ప్రాణాపాయం ఉన్న మొదటి తరగతి రీకాల్‌కు మన దేశ మార్గదర్శకాలు ఇచ్చే వ్యవధి గరిష్ఠంగా 72 గంటలు.

ఈ పొరపాటును ముందే పట్టుకోవాలంటే మొత్తాలు కాకుండా బ్యాచ్ వారీగా అరలోవి లెక్కపెట్టాలి. ఒక బ్యాచ్‌లో ఎన్ని తగ్గాయో ఇంకోదానిలో అన్నే పెరిగితే, అది దొంగతనం కాదు, చేతికీ బిల్లుకీ పొత్తు కుదరకపోవడం. అమ్మేటప్పుడు సీసా మీది కోడ్‌ను స్కాన్ చేస్తే ఈ తేడా పుట్టదు.

2023 ఆగస్టు నుంచి 300 బ్రాండ్ల మందుల మీద బార్‌కోడ్ గానీ క్యూఆర్ కోడ్ గానీ తప్పనిసరి. బ్యాచ్, గడువు అందులోనే ఉంటాయి. అయితే ఒక బ్యాచ్‌లోని ప్యాకులన్నిటికీ ఒకే కోడ్ వేస్తే, నకిలీవాడు దాన్ని ఫొటో తీసి వేల డబ్బాలకు అంటించవచ్చు, స్కాన్ సరిగ్గానే పలుకుతుంది. ప్రతి ప్యాకుకూ వేరే సీరియల్ సంఖ్య ఉండి, అమ్మిన వెంటనే అది ఒక కేంద్ర జాబితాలో అమ్ముడైనట్టు నమోదైతే, అదే సంఖ్య రెండోసారి ఇంకెక్కడ కనిపించినా దొరికిపోతుంది. ఆ ఆరు సీసాలు ఏ బిల్లుతో వెళ్లాయో కూడా అప్పుడు తెలుస్తుంది.

సీరియల్ కూడా ఆదుకోలేని చోటు ఒకటుంది. మన ఊళ్లలో చాలామంది పది బిళ్ళల స్ట్రిప్ మొత్తం కొనరు, నాలుగు కత్తిరించి ఇమ్మంటారు. బ్యాచ్, గడువు చాలా స్ట్రిప్‌ల మీద ఒక చివరే ఉంటాయి. ఆ కొస షాపులో ఉండేలా కత్తిరిస్తే మిగిలిన బిళ్ళలకు ఆనవాలుంటుంది, ఇంటికెళ్లిన ముక్కకు మాత్రం ఏమీ ఉండదు. అలాంటప్పుడు బిళ్ళలు వేసిచ్చే కాగితం కవరు మీద మందు పేరు, బ్యాచ్, గడువు పెన్నుతో రాసి ఇవ్వమని అడగండి. షాపతనికి అర నిమిషం పని. గడువు నెల, సంవత్సరం మాత్రమే ఉంటే, ఆ నెల ఆఖరి రోజు దాకా వాడొచ్చని అర్థం.