సరుకులో ఐబు, అమ్మేవాడి మౌనం: ఇస్లాం వ్యాపార నీతిపై అపోహలు - వాస్తవాలు

తులనాత్మక నీతిశాస్త్రం క్లాసులో ఇస్లాం వ్యాపార నీతి అనగానే విద్యార్థులు వడ్డీ నిషేధం దగ్గరే ఆగిపోతారు. ఇస్లాం ధర్మశాస్త్రమైన ఫిఖహ్ చెప్పేవాడిగా నేను మాత్రం ముందు సరుకులోని లోపం గురించే మాట్లాడతాను. అరబ్బీలో దాన్ని ‘ఐబ్’ అంటారు. తెలుగులో మనం వాడే ‘ఐబు’ ఆ మాటే.

అపోహ: అబద్ధం చెప్పకపోతే చాలు, అడగని విషయం చెప్పాల్సిన పనిలేదు.

వాస్తవం: ప్రవక్త మాటలు, చేతల కథనాలైన హదీసుల సంకలనం సహీహ్ ముస్లింలో ఉన్న ఒక సంఘటన చూడండి. ప్రవక్త ముహమ్మద్ (స) ఒక ధాన్యపు రాశి పక్కగా వెళ్తూ అందులో చెయ్యి పెట్టారు. వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే, వాన పడి తడిసిందన్నాడు ఆ వ్యాపారి. “మరి జనానికి కనబడేలా దాన్ని పైన ఎందుకు పెట్టలేదు? మోసం చేసేవాడు నావాడు కాడు” అన్నారు ప్రవక్త.

ఇక్కడ వ్యాపారి ఒక్క అబద్ధమూ ఆడలేదు. అడగ్గానే నిజం చెప్పాడు. ధాన్యం తడవడమూ అతని తప్పు కాదు. తడిసిన ధాన్యం అమ్మొద్దని కూడా ప్రవక్త అనలేదు, పైన పెట్టమన్నారు, అంతే. పొడి గింజలు పైన, తడివి కింద ఉన్నాయి కాబట్టి రాశి చూసినవాడు అంతా పొడిదే అనుకుంటాడు. అంటే నోరు మెదపకపోయినా సరుకును పేర్చిన తీరే అబద్ధం చెప్పింది. పాలు ఎక్కువగా ఉన్నట్టు కనబడటానికి అమ్మకానికి ముందు పశువు పాలు పితకకుండా ఆపడాన్ని నిషేధించిన హదీసుదీ ఇదే తర్కం.

అపోహ: అలాగైతే లాభానికి కూడా ఇస్లాం ఒక శాతం విధించి ఉంటుంది.

వాస్తవం: విధించలేదు. ఒక గొర్రె కొనమని ప్రవక్త ఇచ్చిన ఒక దీనారుతో ఉర్వా అనే సహచరుడు రెండు కొన్నాడు. వాటిలో ఒకదాన్ని దీనారుకు అమ్మి, గొర్రెతో పాటు దీనారూ తెచ్చి ఇచ్చాడు. ప్రవక్త తప్పుబట్టలేదు, అతని వ్యాపారం వర్ధిల్లాలని దీవించారు.

అపోహ: లోపం బయటపడితే నీతి పరంగా తప్పే గానీ, కొన్నవాడు చేయగలిగేది ఏమీ లేదు.

వాస్తవం: కొన్నవాడికి హక్కు ఉంది. సరుకు చేతికి రాకముందే ఆ లోపం ఉండాలి, దాని వల్ల విలువ తగ్గాలి, కొనేటప్పుడు అది అతనికి తెలిసి ఉండకూడదు. ఈ మూడూ ఉంటే సరుకు తిరిగిచ్చి డబ్బు తీసుకోవచ్చు. ఉంచుకుంటాను, తేడా ఇవ్వు అనవచ్చా? ఇస్లాం న్యాయ సంప్రదాయాల్లో ఒకటైన హనఫీ పండితులు మామూలుగా ఒప్పుకోరు: పూర్తి ధరకు ఉంచుకో, లేదా తిరిగివ్వు అంటారు. మరో సంప్రదాయం వాళ్లైన హంబలీలు ఆ తేడా కూడా అడగనిస్తారు.

దాని లెక్కలోనే మా విద్యార్థులు పొరబడుతుంటారు. లోపం లేని సరుకు విలువ 100 దిర్హములు, లోపంతో 80, కొన్న ధర 90 అనుకుందాం. వెనక్కి రావాల్సింది 20 కాదు, 10 కూడా కాదు. విలువ ఐదో వంతు తగ్గింది కాబట్టి, ఇచ్చిన 90లో ఐదో వంతు, అంటే 18 దిర్హములు.

అపోహ: ‘ఉన్నది ఉన్నట్టు అమ్ముతున్నా, తర్వాత నాకు సంబంధం లేదు’ అని ముందే చెప్పేస్తే బాధ్యత తీరిపోతుంది.

వాస్తవం: దీనికి ఇమామ్ మాలిక్ కూర్చిన మువత్తా అనే గ్రంథంలో ఒక కేసు ఉంది. ఖలీఫా ఉమర్ కుమారుడు అబ్దుల్లా ఇలాంటి షరతుతోనే ఒక బానిసను 800 దిర్హములకు అమ్మాడు. (మనిషిని అమ్మడమే ఇక్కడ పెద్ద నైతిక ప్రశ్న. క్లాసులో దాన్ని దాటవేయకూడదు, విడిగా సమయం ఇచ్చి చర్చించాలి.) ఆ బానిసకు జబ్బు ఉందని, ఆ మాట తనకు చెప్పలేదని కొన్నవాడు ఖలీఫా ఉస్మాన్ దగ్గర ఫిర్యాదు చేశాడు. ఉస్మాన్ షరతును కొట్టేయలేదు. అమ్మేటప్పుడు తనకు తెలిసిన జబ్బేదీ లేదని దేవుడి మీద ప్రమాణం చేయమన్నాడు. అబ్దుల్లా ప్రమాణం చేయనన్నాడు, అతన్ని వెనక్కి తీసుకున్నాడు. జబ్బు నయమయ్యాక 1500 దిర్హములకు అమ్మాడు.

ఉస్మాన్ అడిగిన ప్రమాణాన్ని గమనించండి. అసలు లోపం ఉందా లేదా అని కాదు, నీకు తెలుసా అని. ఆ షరతు అమ్మేవాడికి తెలియని లోపాలకే రక్షణ అన్నమాట. ఇంకో న్యాయ సంప్రదాయానికి మూలపురుషుడైన ఇమామ్ షాఫియీ పశువుల విషయంలో దాదాపు ఈ గీతే గీశారు. హనఫీలు మాత్రం అలాంటి షరతు పూర్తిగా చెల్లుతుందని, కొన్నవాడు ఒప్పుకున్నాక ఖాజీ దగ్గర దావా నిలవదని అన్నారు. అయితే దావా నిలవకపోవడం వేరు, పాపం లేకపోవడం వేరు. తెలిసి దాచినవాడు ఖాజీ దగ్గర గెలిచినా, దేవుడి దగ్గర జవాబు చెప్పాల్సిందేనని వాళ్లూ అంటారు.