పాతిక సున్నాలు: జింబాబ్వే డాలర్ ఎలా కరిగిపోయింది

2006 ఆగస్టుకు, 2009 ఫిబ్రవరికి మధ్య జింబాబ్వే తన డాలర్ నుంచి మూడు విడతల్లో 25 సున్నాలు తీసేసింది. మొదట మూడు, తర్వాత పది, ఆఖరికి పన్నెండు. వంద లక్షల కోట్ల డాలర్ల నోటు ఫొటో మనలో చాలామంది చూసే ఉంటారు. ఆ నోటు దాకా ఎందుకు వచ్చిందో తెలియాలంటే రిజర్వ్ బ్యాంకు పద్దులు చూడాలి. ప్రభుత్వం కట్టాల్సిన బిల్లులు ఒక్కొక్కటిగా ఆ పద్దుల్లోకి చేరాయి, వాటిని తీర్చడానికి బ్యాంకు దగ్గరున్న సాధనం నోట్లు అచ్చేయడమే.

మొదటి పెద్ద బిల్లు 1997లో వచ్చింది. స్వాతంత్ర్య పోరాటంలో పాల్గొన్న మాజీ సైనికులు తమకు న్యాయం జరగలేదని ఆందోళనకు దిగారు. అధ్యక్షుడు ముగాబే ఒక్కొక్కరికి ఒకేసారి 50,000 జింబాబ్వే డాలర్లు, నెలకు 2,000 పింఛను ఇస్తానని ఒప్పుకున్నారు. ఇలాంటివాళ్లు దాదాపు 50 వేల మంది. బడ్జెట్‌లో ఆ డబ్బు లేదు. ఇది ఎక్కడి నుంచి తెస్తారన్నది మార్కెట్‌కు వెంటనే అర్థమైంది. నవంబర్ 14న ఒక్క రోజులోనే కరెన్సీ కుప్పకూలింది. అక్కడివాళ్లు ఇప్పటికీ ఆ రోజును బ్లాక్ ఫ్రైడే అంటారు. మరుసటి ఏడాది కాంగో యుద్ధానికి సైన్యాన్ని పంపడంతో మరో ఖర్చు వచ్చిపడింది.

2000 నుంచి రాబడి వైపు కూడా దెబ్బ తగిలింది. తెల్లవాళ్ల చేతుల్లో ఉన్న వాణిజ్య వ్యవసాయ క్షేత్రాలను ప్రభుత్వం స్వాధీనం చేసుకునే పని హడావుడిగా, హింసాత్మకంగా సాగింది. వలస పాలన మిగిల్చిన భూమి అసమానత నిజమైన సమస్యే. కానీ కొత్తగా భూమి దక్కినవాళ్లకు హామీ పెట్టడానికి పట్టాలు లేవు, బ్యాంకు అప్పు పుట్టలేదు, విత్తనం, ఎరువు అందలేదు. విదేశీ మారకం తెచ్చే ప్రధాన పంటల్లో ఒకటైన పొగాకు 2000లో సుమారు 23.7 కోట్ల కిలోలు పండింది. 2008కి అది 5 కోట్ల కిలోల లోపుకు పడిపోయింది. ఇంధనం, విద్యుత్తు, మందులు బయటి నుంచి కొనాల్సిన దేశానికి అమెరికన్ డాలర్లు కరువయ్యాయి.

ధరలు వేగంగా పెరుగుతుంటే పన్ను రాబడి దానంతటదే కరిగిపోతుంది. నెలకు 50 శాతం చొప్పున ధరలు పెరుగుతున్నాయనుకుందాం. ఆర్థికవేత్తలు అధి ద్రవ్యోల్బణానికి సాధారణంగా గీసే గీత అదే. ఒక వ్యాపారి జనవరిలో అమ్మిన సరుకుపై 100 డాలర్ల పన్ను బాకీపడి, రెండు నెలల తర్వాత కట్టాడు. ఈలోగా ధరలు రెండుంపావు రెట్లయ్యాయి. ప్రభుత్వానికి అందిన 100కు జనవరి లెక్కలో 44 డాలర్ల సరుకే వస్తుంది. ఏ వ్యాపారీ ఎగ్గొట్టకుండానే సగానికి పైగా పన్ను మాయమైంది. ఆ లోటు పూడ్చడానికి మళ్లీ నోట్లు అచ్చేస్తారు, ధరలు మళ్లీ పెరుగుతాయి, వచ్చే విడత పన్ను ఇంకా కరుగుతుంది. ఇక ఎగ్గొట్టాలనుకున్నవాడికైతే ఆలస్యం చేస్తే చాలు.

2003 డిసెంబరులో గిడియాన్ గోనో రిజర్వ్ బ్యాంకు గవర్నర్ అయ్యాక ఖర్చు రూటు మారింది. ప్రభుత్వ సంస్థలకు చవక అప్పులు, రైతులకు ట్రాక్టర్లు, మిల్లులకు రాయితీలు, ఇంధనం కొనుగోళ్లు, విదేశీ అప్పుల చెల్లింపులు అన్నీ రిజర్వ్ బ్యాంకే చూసుకోవడం మొదలైంది. పార్లమెంటు ఆమోదించిన బడ్జెట్‌లో లోటు ఓ మోస్తరుగానే కనిపించేది. అంతర్జాతీయ ద్రవ్య నిధి, అంటే ఐఎంఎఫ్ నిపుణులు రిజర్వ్ బ్యాంకు నష్టాలను లెక్కగడితే, 2006లో అవి దేశ జీడీపీలో దాదాపు 75 శాతం ఉన్నట్టు తేలింది.

ఈ నష్టం ఎలా పుడుతుందో ఒక్క లావాదేవీలో చూడొచ్చు. 2006 ఆగస్టులో మూడు సున్నాలు తీసేశాక అధికారిక మారకం రేటు అమెరికన్ డాలర్‌కు 250గా పెట్టి, ఏడాదికి పైగా దాన్ని కదపలేదు. బ్లాక్ మార్కెట్‌లో రేటు వేలల్లోకి వెళ్లిపోయింది. 20,000 అనుకుందాం. రిజర్వ్ బ్యాంకు ఆ రేటుకు వీధిలో ఒక డాలర్ కొని, ఇంధనం దిగుమతి చేసే ప్రభుత్వ సంస్థకు 250కి ఇచ్చింది. డాలర్‌కు 19,750 నష్టం. ఆ 19,750 కొత్తగా అచ్చయిన డబ్బు, పైగా నేరుగా డాలర్లు అమ్మేవాళ్ల చేతికే వెళ్లింది. దాంతో వాళ్లు సరుకు కొంటారు, లేదా మళ్లీ డాలర్లే కొంటారు. మరుసటి వారం వీధి రేటు ఇంకా పైకి. 2006 ఫిబ్రవరిలో ఐఎంఎఫ్ బకాయి తీర్చడానికి డాలర్లు కొనేందుకు దాదాపు 21 లక్షల కోట్ల జింబాబ్వే డాలర్లు అచ్చేశామని గవర్నరే ఒప్పుకున్నారు.

ఇంతకంటే బాధ కలిగించే సంగతి ఇంకొకటుంది. మార్కెట్‌లో పోగైన డబ్బును వెనక్కి పీల్చడానికి రిజర్వ్ బ్యాంకు వందల శాతం వడ్డీతో బిల్లులనే రుణ పత్రాలు అమ్మింది. గడువు తీరాక ఆ వడ్డీ కట్టడానికి బ్యాంకుకు వేరే రాబడి లేదు. దానికీ అచ్చు యంత్రమే దిక్కు. అంటే డబ్బు తగ్గించే పని కూడా డబ్బు పెంచింది.

తెలుగు రాష్ట్రాల ఓవర్‌డ్రాఫ్ట్ వార్తలు చదివేవారికి మన సంగతేమిటన్న సందేహం రావచ్చు. ఆర్‌బీఐ రాష్ట్రాలకు ఇచ్చే చేబదులుకు పరిమితి ఉంటుంది. ఓవర్‌డ్రాఫ్ట్‌లో వరుసగా ఇన్ని రోజులే ఉండాలన్న నిబంధన ఉంటుంది, అది దాటితే చెల్లింపులు ఆగుతాయి. కేంద్రం తన లోటును నేరుగా ఆర్‌బీఐ మీదకు నెట్టే అడ్‌హాక్ ట్రెజరీ బిల్లుల పద్ధతికి 1997లో స్వస్తి పలికారు. ఏ మొత్తమైనా, ఎన్నాళ్లయినా అన్న తలుపు మూసి ఉంచడమే ఇక్కడ ముఖ్యం. జింబాబ్వే రాజధాని హరారేలో తెరిచి ఉంచింది ఆ తలుపునే.

2007 జూన్‌లో ప్రభుత్వం తప్పంతా దుకాణదారులదే అంది. ధరలు సగానికి తగ్గించాలని ఉత్తర్వు వచ్చింది, పోలీసులు షాపుల్లోకి దిగారు, మాట వినని వ్యాపారులను వేల సంఖ్యలో అరెస్టు చేశారు. జనం దొరికింది దొరికినట్టు కొనేశారు. మళ్లీ సరుకు తేవాలంటే అమ్మిన ధర కంటే కొనే ధరే ఎక్కువ కాబట్టి ఎవరూ తేలేదు. కొన్ని వారాల్లో అరలు ఖాళీ. మొక్కజొన్న పిండి, నూనె, చక్కెర, సబ్బు వీధి చాటుకు, విదేశీ కరెన్సీకి తరలిపోయాయి. దారి ఖర్చు పెట్టుకోగలిగినవాళ్లు బైట్‌బ్రిడ్జ్ సరిహద్దు దాటి దక్షిణాఫ్రికాలోని ముసీనా దాకా వెళ్లి కిరాణా తెచ్చుకున్నారు.

ఆ తర్వాత వింతైన కరువొకటి మొదలైంది. కోట్లకు కోట్లు అచ్చవుతున్న దేశంలో నోట్లు దొరకలేదు. ధరల వేగాన్ని ప్రెస్సు అందుకోలేకపోయింది. 2008 జూలైలో జర్మన్ కంపెనీ గీసెకే అండ్ డెవ్రియెంట్ నోట్ల కాగితం ఇవ్వడం ఆపేసింది. బ్యాంకులు రోజువారీ విత్‌డ్రాయల్‌కు పరిమితి పెట్టాయి. తెల్లవారకముందే క్యూ కట్టి తెచ్చుకున్న డబ్బు చాలాసార్లు రానుపోను బస్సు చార్జీకి కూడా చాలేది కాదు.

దీంతో ఒకే కరెన్సీకి రెండు విలువలు ఏర్పడ్డాయి. నోట్లిస్తే ఒక ధర, చెక్కో ఆర్‌టీజీఎస్ బదిలీయో అయితే దానికి ఎన్నో రెట్లు. చెక్కు క్లియర్ అయ్యేలోగా విలువ పోతుందని అమ్మేవాడి భయం. ఈ తేడాలో కొందరు బాగుపడ్డారు. అంకెలు చిన్నవి చేసి చూద్దాం. నోట్లలో అమెరికన్ డాలర్ రేటు 100, బదిలీలో 1,000 అనుకోండి. ఒక డాలర్ అమ్మితే ఖాతాలో 1,000 పడుతుంది. బ్యాంకులో తెలిసినవాళ్లుండి ఆ 1,000ని నోట్లుగా తీసుకోగలిగితే వాటితో పది డాలర్లు కొనొచ్చు. మామూలు జీతగాడికి ఆ దారి లేదు. అతని జీతం ఖాతాలోనే పడేది, బయటికి వచ్చేసరికి ఏమీ మిగిలేది కాదు.

టీచర్లు, నర్సులు బడికీ ఆస్పత్రికీ వెళ్లడం మానేశారంటే వాళ్లను తప్పుపట్టలేం. నెల జీతం కంటే నెలంతా రాకపోకల ఖర్చే ఎక్కువైంది. చాలామంది దక్షిణాఫ్రికాకు, బోట్స్వానాకు వలసపోయారు. ఊళ్లల్లో ధాన్యం, కోళ్లు, సబ్బులే డబ్బయ్యాయి. పట్టణాల్లో ఇంధనం కూపన్లు చేతులు మారాయి, ఎందుకంటే కూపన్ మీద రాసి ఉండేది లీటర్లు. ముప్ఫై ఏళ్లు పింఛను నిధికి కట్టినవాళ్లకు చేతికొచ్చింది ఒక రొట్టెకైనా చాలని మొత్తం. అప్పులు తీసుకున్నవాళ్ల బాకీలు చిల్లరతో తీరిపోయాయి, దాచుకున్నవాళ్ల సొమ్మే అలా వాళ్లకు చేరింది. నీళ్ల శుద్ధికి కావాల్సిన రసాయనాలు కూడా కొనలేక 2008 డిసెంబరు మొదట్లో హరారేలో మంచినీటి సరఫరా ఆగింది. అప్పటికే కలరా ప్రబలుతోంది. 2009 మధ్యకల్లా ఆ మహమ్మారి 4,000 మందికి పైగా ప్రాణాలు తీసింది.

ద్రవ్యోల్బణం ఎంతన్నది కొలవడమే కష్టమైపోయింది. షాపులో సరుకు లేనప్పుడు గణాంక శాఖ ఏ ధర రాసుకుంటుంది? చివరి అధికారిక అంకె 2008 జూలైది: ఏడాదికి 23.1 కోట్ల శాతం. ఆ తర్వాత జనం, పరిశోధకులు ఓల్డ్ మ్యూచువల్ అనే కంపెనీ షేరును పట్టుకున్నారు. అది హరారేలోనూ లండన్‌లోనూ ట్రేడయ్యేది. హరారే ధరను లండన్ ధరతో భాగిస్తే అసలు మారకం రేటు బయటపడేది. ఆ లెక్కతో ఆర్థికవేత్త స్టీవ్ హాంకీ 2008 నవంబర్ మధ్యకు నెలసరి ద్రవ్యోల్బణం 7,960 కోట్ల శాతమని తేల్చారు. ధరలు 24.7 గంటలకోసారి రెట్టింపయ్యాయన్నమాట. అదే నెలలో హరారే స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ట్రేడింగ్ ఆగిపోవడంతో ఆ కొలబద్ద కూడా పోయింది.

ఈ ధరల పరుగును ఆపింది ముందుగా జనమే. సొంత నోటును ఎవరూ తీసుకోకపోతే దాన్ని అచ్చేసి ఏ బిల్లూ కట్టలేరు. 2009 జనవరి ఆఖర్లో విదేశీ కరెన్సీతో లావాదేవీలను ప్రభుత్వం అందరికీ చట్టబద్ధం చేసింది. కొత్త ఆర్థిక మంత్రి టెండాయ్ బిటీ, వచ్చిన రాబడి మేరకే ఖర్చు అనే నియమం పెట్టారు. హోదాతో పని లేకుండా ప్రభుత్వ ఉద్యోగులందరికీ నెలకు 100 అమెరికన్ డాలర్లు చొప్పున ఇచ్చారు. అచ్చేసే కరెన్సీ లేకపోవడంతో ధరల పెరుగుదల వెంటనే ఆగింది, ఆ ఏడాది కొన్ని నెలల్లో ధరలు తగ్గాయి కూడా.

పాత ఖాతాల లెక్క 2015లో తేల్చారు. బ్యాంకులో 1,75,000 లక్షల కోట్ల జింబాబ్వే డాలర్ల వరకు ఉన్న ప్రతి ఖాతాకూ గంపగుత్తగా 5 అమెరికన్ డాలర్లు చెల్లించారు. అంతకు మించి ఉన్నవాళ్లకు 35,000 లక్షల కోట్లకు ఒక డాలర్. చేతిలో దాచుకున్న 2008 నాటి నోట్లకు 250 లక్షల కోట్లకు ఒక డాలర్ చొప్పున కట్టారు, అంటే వంద లక్షల కోట్ల నోటుకు 40 సెంట్లు. ఇచ్చిన మూడున్నర నెలల గడువు సెప్టెంబర్ 30తో ముగిసింది.