రక్కసి చేతిలో మేషము: చరిత్ర తేదీలకు కటపయాది

మేళకర్త రాగాల వరసలో మేచకల్యాణి ఎన్నోది అని అడిగితే కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లు పట్టిక తీయరు. మే అంటే 5, చ అంటే 6, తిరగేస్తే 65. జవాబు పేరులోనే ఉంది. అంకెల్ని అక్షరాల్లో దాచే ఈ పద్ధతి పేరు కటపయాది. పోటీ పరీక్షలకు చదివేవాళ్లని బాగా ఏడిపించే చరిత్ర తేదీలకు దీన్ని మించిన పనిముట్టు మన చేతిలో లేదనే చెప్పాలి.

ముందు అక్షరాల విలువలు నేర్చుకోవాలి. క నుంచి ఞ వరకు వరసగా 1, 2, 3... 9, 0. ట నుంచి న వరకు మళ్లీ అలాగే. ప ఫ బ భ మ అంటే 1 నుంచి 5. య ర ల వ శ ష స హ ళ అంటే 1 నుంచి 9. గుణింతంతో పనిలేదు, క అయినా కూ అయినా విలువ 1. ఒత్తు ఉంటే చివరి హల్లునే లెక్కించాలి. అక్షరం పక్కన రాసే సున్నాకి విలువ లేదు. విడిగా వచ్చే అచ్చు 0. రోజుకి పావుగంట సాధన చేస్తే వారంలో పట్టుబడుతుంది.

తేదీల కోసం రెండు సవరణలు చేసుకుందాం. 1000 నుంచి 1999 వరకు ఉన్న సంవత్సరాలే కాబట్టి మొదటి 1 వదిలేసి, మాటలోని మొదటి మూడు అక్షరాలే తీసుకుందాం. సంగీతంలోలా తిరగేయకుండా ఎడమనుంచి కుడికే చదువుదాం.

రక్కసి తంగడి యుద్ధం 1565లో జరిగింది. 565కి మేషము సరిపోతుంది. చార్మినార్ 1591, అంటే మధుపం. గోల్కొండ ఔరంగజేబు వశమైంది 1687లో. త, హ, సీ కలిస్తే 687, కాబట్టి తహసీల్దారు. బొబ్బిలి యుద్ధం 1757, దానికి సమోసా.

ఇప్పుడు వీటిని బొమ్మలుగా ఊహించుకుని, మనసులోనే మన ఇంట్లో ఒక్కోచోట పెట్టాలి. కళ్లు మూసుకుని నడవగలిగేంత తెలిసిన దారి కావాలి: గేటు, చెప్పుల స్టాండు, ఫ్రిజ్, పొయ్యి. ప్రతిచోటా సంఘటన బొమ్మ, తేదీ బొమ్మ ఒకదాన్నొకటి తాకాలి. గేటు దగ్గర ఒక రక్కసి మేషము కొమ్ములు పట్టి లాగుతోంది, గేటు ఊగిపోతోంది. చెప్పుల స్టాండు మీద చార్మినార్, నాలుగు మినార్లకీ తేనెపట్లు, చెప్పు తీయబోతే మధుపాలు కుడుతున్నాయి. ఫ్రిజ్ తలుపే గోల్కొండ కోట ద్వారం. లంచం జేబులో వేసుకుని తహసీల్దారు లోపలినుంచి గడియ తీస్తున్నాడు. నిజంగానూ ఆ కోట తలుపు తెరిచింది లోపలి మనిషే కాబట్టి ఈ బొమ్మ ఒక చరిత్ర విషయాన్ని కూడా మోస్తోంది. పొయ్యి మీద మూకుడికి బదులు బొబ్బిలి వీణ, దాని తీగల మీద సమోసాలు వేగుతున్నాయి.

అన్ని తేదీలూ ఇంత తేలిగ్గా లొంగవు. కృష్ణదేవరాయలు గద్దెనెక్కిన 1509కి మూన్నాళ్ళ ముచ్చట దొరుకుతుంది, కానీ అది కంటికి కనిపించే వస్తువు కాదు. ఇలాంటి మాటలు రెండు రోజుల్లో జారిపోతాయి. రాయలవారు గోడ క్యాలెండరులో మూడు కాగితాలు చింపుతున్నట్టు మార్చుకుంటేనే నిలుస్తుంది. ఆయన ఏలింది ఇరవయ్యేళ్లు కాబట్టి ఆ ఎకసెక్కం కూడా పనికొస్తుంది.

తప్పులు ఎక్కువగా చెవి వల్ల వస్తాయి. శ 5, ష 6, స 7. మాట్లాడేటప్పుడు ఈ మూడూ కలిసిపోతాయి కాబట్టి మాటని రాసుకునే లెక్కించాలి. మేషము బదులు మేషం అనుకుంటే చివరి 5 ఎగిరిపోతుంది. సంగీతం అలవాటున్నవాళ్లు పొరపాటున తిరగేస్తారు. 565, 757 ఎటు చదివినా ఒకటే కాబట్టి వాటితో ఆ తప్పు బయటపడదు. మధుపాన్ని పరీక్షించుకోండి: చార్మినార్ 1195లో కట్టారని వస్తే తిరగేసినట్టే.

ఇంకో చిక్కు, అదే ఇంట్లో మర్నాడే ఇంకో పట్టిక పెట్టడం. పాత మేషము పక్కనే కొత్త బొమ్మ నిలబడి రెండూ కలగాపులగమవుతాయి. రెండో పట్టికకి వేరే దారి తీసుకోవాలి. బడికి వెళ్లే దారైనా, అమ్మమ్మగారిల్లైనా సరే.

ఆ రాత్రి ఒకసారి, మర్నాడు ఒకసారి, వారానికి ఇంకోసారి దారంతా నడవండి. ఒకసారి వెనకనుంచి ముందుకి రండి. తర్వాత వరస వదిలేసి అక్కడొకటి ఇక్కడొకటి అడిగించుకోండి, సంఘటన చెప్పి తేదీ, తేదీ చెప్పి సంఘటన. ఫ్రిజ్ దాకా వెళ్లకుండానే 1687 అని నోటికి వచ్చేస్తుంటే తహసీల్దారు పని అయిపోయినట్టు. ఆయన్ని పంపించేసి ఆ చోటు ఇంకో తేదీకి ఇచ్చేయొచ్చు.