అతుకు కనబడని స్టాక్ షాట్

ఒక చిన్న సన్నివేశం అనుకుందాం. మేడ మీద పిట్టగోడకు ఆనుకుని ఒకతను దూరంగా చూస్తున్నాడు. తర్వాతి షాట్‌లో అతను చూస్తున్న నగరం. మొదటిది మనం తీసింది: చీకటి పడే వేళ, ఐఎస్ఓ 6400 దగ్గర, ఫుల్ హెచ్‌డీలో, 10 బిట్ లాగ్‌లో, అంటే రంగులు తర్వాత దిద్దుకునేందుకు వీలుగా కాంట్రాస్ట్ తగ్గించి రికార్డు చేసే పద్ధతిలో. రెండోది స్టాక్ సైట్‌లో కొన్న డ్రోన్ షాట్: 4కె, 8 బిట్, రంగులన్నీ ముందే దిద్దేసింది. రెండూ పక్కపక్కన పెట్టి రంగులు కలిపాం. అయినా కట్ పడగానే వేరే సినిమాలోకి వెళ్లినట్టు అనిపిస్తుంది.

దీనికి కారణం చాలావరకు రంగు కాదు. మన షాట్ మెత్తగా, సన్నటి నలుసులతో కదులుతూ ఉంటుంది. డ్రోన్ షాట్ నున్నగా, అంచులు కోసినట్టు ఉంటుంది. ఒక్క ఫ్రేములో ఆ నునుపు మారిపోవడాన్ని కన్ను పట్టేస్తుంది. అందుకే రంగు, షార్ప్‌నెస్, గ్రెయిన్ అనే ఆ సన్నటి నలుసులు, మూడూ కలపాలి. ఆ పనిలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచే ప్రశ్న ఒకటే: రెండు షాట్లలో ఏది మారాలి? మామూలుగా స్టాక్ షాట్‌నే మన దారికి తెచ్చుకోవాలని చూస్తాం. కానీ పోయిన సమాచారం వెనక్కి రాదు కాబట్టి, ఏ షాట్‌లో ఇంకా సమాచారం మిగిలి ఉందో అదే కదలాలి.

రంగు దగ్గర ఈ లెక్కన మన షాటే కదలాలి. 8 బిట్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి, 10 బిట్‌లో 1024. డ్రోన్ షాట్‌లోని సాయంత్రపు ఆకాశం ఆ 256లో కొద్ది మెట్ల మీదే పరుచుకుని ఉంటుంది. దాని కాంట్రాస్ట్ పెంచి లాగితే మెట్ల మధ్య ఖాళీలు బయటపడి, ఆకాశంలో చారలు కనిపిస్తాయి. నీడల్లోని భవనాలు అప్పటికే పూర్తి నలుపులోకి వెళ్లిపోయి ఉంటే, ఆ నలుపును పైకి ఎత్తినా వివరం రాదు, బూడిద రంగు మాత్రమే వస్తుంది. లాగ్‌లో తీసిన మన షాట్‌కు ఈ ఇబ్బంది తక్కువ. కాబట్టి ఫ్రేములోని వెలుగు స్థాయిలను గ్రాఫ్‌గా చూపే వేవ్‌ఫామ్ తెరిచి, ముందు మన నలుపును డ్రోన్ షాట్ నలుపు దగ్గరకు దించాలి. తర్వాత వెలుగులు, చివరగా మధ్య టోన్లు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం స్థాయిలను విడివిడిగా చూపే ఆర్‌జీబీ పరేడ్‌లో నీడల భాగం చూస్తే ఏ రంగు పైకి తేలి ఉందో తెలుస్తుంది. డ్రోన్ షాట్ నీడల్లో నీలం ఎక్కువుంటే మన నీడల్లోనూ కొంచెం నీలం కలపాలి. కలిసిందో లేదో తేల్చుకోవడానికి రెండు షాట్ల మీదా శాచురేషన్‌ను తాత్కాలికంగా బాగా పెంచి చూడండి. మామూలుగా కనబడని తేడా అప్పుడు దాక్కోలేదు.

షార్ప్‌నెస్ దగ్గరకు వచ్చేసరికి దిశ తిరగబడుతుంది. మన షాట్‌ను షార్ప్ చేస్తే లెన్సు పట్టని వివరం ఎక్కడి నుంచీ రాదు, పైగా నాయిస్ కూడా పదునెక్కుతుంది. కాబట్టి ఇక్కడ డ్రోన్ షాటే మెత్తబడాలి. 4కె షాట్‌ను ఫుల్ హెచ్‌డీ టైమ్‌లైన్‌లోకి కుదించినప్పుడు నాలుగు పిక్సెళ్లు ఒకటవుతాయి, అందుకే అది మరీ పదునుగా కనిపిస్తుంది. ఆకాశానికీ ఒక భవనానికీ మధ్య అంచును 200 శాతానికి పెంచి చూడండి. చీకటి నుంచి వెలుగుకు ఒకటి రెండు పిక్సెళ్లలోనే మారిపోతుంది. భవనం చుట్టూ సన్నటి తెల్ల గీత కూడా ఉంటే అది కెమెరా లోపల చేసిన షార్పెనింగ్ గుర్తు. మన షాట్‌లో ఫోకస్ పడిన పిట్టగోడ అంచుకు అదే మార్పు మూడు నాలుగు పిక్సెళ్లు తీసుకుంటుంది. అర పిక్సెల్ నుంచి ఒక పిక్సెల్ వరకు గాసియన్ బ్లర్ చాలు, ఈ రెండూ దగ్గరవుతాయి. తెల్ల గీత పూర్తిగా పోదు, కానీ కంటికి తగలడం మానేస్తుంది. బ్లర్ ఎంతో తేల్చేటప్పుడు ప్రివ్యూ సగం రిజల్యూషన్‌లో ఉండకూడదు. అలా ఉంటే అన్నీ ఒకేలా కనిపించి మోసపోతాం.

గ్రెయిన్ చివర్లో రావాలి. ముందే వేస్తే బ్లర్ దాన్ని తుడిచేస్తుంది. స్టాక్ షాట్ ఫ్రేమ్ రేటు వేరైతే, దాన్ని మన రేటుకు మార్చాకే గ్రెయిన్ వేయాలి. లేకపోతే కొన్ని ఫ్రేముల్లో అదే నలుసు రెండుసార్లు వచ్చి తెర మీద ఆగినట్టు ఉంటుంది.

ఎంత గ్రెయిన్ కావాలో వేవ్‌ఫామే చెబుతుంది. మన షాట్‌లో అతని వెనకున్న గోడ ముక్క ఒక్కటే మిగిలేలా క్రాప్ చేయండి. అంతటా ఒకే వెలుగున్న గోడ కాబట్టి సన్నటి గీత రావాలి. కానీ నాయిస్ వల్ల మందమైన పట్టీ వస్తుంది. 1023 వరకు ఉన్న స్కేలు మీద ఆ పట్టీ మందం 24 అనుకుందాం. డ్రోన్ షాట్‌లో అంతే వెలుగున్న ఆకాశం ముక్క మందం 10. ఇక్కడ 14 కలిపితే సరిపోతుందనిపిస్తుంది, కానీ సరిపోదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు నాయిస్‌లు నేరుగా కూడవు, వాటి వర్గాలు కూడతాయి. 24 వర్గం 576, 10 వర్గం 100, తేడా 476, దాని వర్గమూలం దాదాపు 22. అంటే కలపాల్సింది 22 మందం గల గ్రెయిన్. తక్కువ వేసి "ఇంకా ఏదో కలవలేదు" అనిపించడానికి తరచుగా ఇదే కారణం.

ఈ కొలత ఒక్క వెలుగు స్థాయికే. సెన్సార్ మీద ఒక చోట సగటున 100 ఫోటాన్లు పడితే హెచ్చుతగ్గు 10 దాకా ఉంటుంది, అంటే పది శాతం. 10,000 పడితే హెచ్చుతగ్గు 100, అంటే ఒక శాతమే. అందుకే డిజిటల్ నాయిస్ నీడల్లో ఎక్కువగా, వెలుగుల్లో తక్కువగా కనిపిస్తుంది. డ్రోన్ షాట్ మొత్తం మీద ఒకే మోతాదులో గ్రెయిన్ పరిస్తే వెలుగుతున్న కిటికీలు కూడా మురికి పడతాయి, మురికి అద్దం లోంచి చూస్తున్నట్టు ఉంటుంది. నీడ, మధ్య, వెలుగు, మూడు చోట్లా పట్టీ మందం విడివిడిగా చూసి, గ్రెయిన్ టూల్‌లో షాడోస్, మిడ్‌టోన్స్, హైలైట్స్ మోతాదులు వేరువేరుగా పెట్టాలి.

నలుసు సైజు కూడా ముఖ్యమే. సెన్సార్‌లో ఒక్కో పిక్సెల్ ఒకే రంగును పట్టుకుంటుంది, మిగతా రెండూ ఇరుగుపొరుగు పిక్సెళ్ల నుంచి అంచనా వేస్తారు. దానికి తోడు కెమెరా తనంతట తాను నాయిస్ తగ్గించే ప్రయత్నం చేస్తుంది. ఫలితంగా ఎక్కువ ఐఎస్ఓలో నాయిస్ రెండు మూడు పిక్సెళ్ల మచ్చలుగా మారుతుంది. ఒక పిక్సెల్ సైజు గ్రెయిన్ వేస్తే మందం సరిగ్గా ఉన్నా ఇసుక చల్లినట్టు కనిపిస్తుంది. మన షాట్‌లో ఆకుపచ్చ, ఊదా రంగు మచ్చలుంటే వాటిని డ్రోన్ షాట్‌లో పుట్టించే ప్రయత్నం వద్దు. మన దగ్గరే క్రోమా డీనాయిస్ కొద్దిగా వేసి తీసేయడం తేలిక. అది వేశాకే పట్టీ మందం కొలవాలి.

ఇదంతా అయ్యాక రెండు షాట్ల మీదా ఒకే పలుచటి గ్రెయిన్ పొర వేస్తే మిగిలిన చిన్న తేడాలు కప్పుకుపోతాయి. డ్రోన్ ఆకాశంలోని చారలు కూడా చాలావరకు విడిపోతాయి. కానీ వెలుగు వచ్చే దిక్కు వేరైతే దీనితో ఒరిగేదేమీ లేదు. మన మనిషి ముఖం మీద వెలుగు ఎడమ నుంచి, భవనాల మీద కుడి నుంచి పడుతుంటే వేరే స్టాక్ షాట్ వెతకడమే మంచిది.

కట్‌కు ఒక సెకను ముందు, ఒక సెకను తర్వాత లూప్‌లో పెట్టి చూడండి. అప్‌లోడ్ చేసే బిట్‌రేట్‌లోనే ఎక్స్‌పోర్ట్ చేసి మళ్లీ చూడండి. ప్రతి ఫ్రేములో మారే నలుసును, వీడియో సైజు కుదించే కోడెక్ ముందుగా పారేస్తుంది, రెండు షాట్లలోనూ సమానంగా పారేయదు. కదిలే డ్రోన్ షాట్‌లో బిట్లన్నీ కదలికకే ఖర్చయి ఆకాశం గడులు గడులుగా అయిపోతే, బిట్‌రేట్ పెంచాలి. అది కుదరకపోతే మన షాట్‌ను ఇంకొంచెం డీనాయిస్ చేసి, డ్రోన్ షాట్‌కు వేసిన గ్రెయిన్‌ను కూడా అంతకు తగ్గించాలి.